ఆ రింగు మూసింది నేను

మా ల్యాబులో "నేను" అంటే తప్పు. హబ్సిగూడ దిక్కు ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో, సోమవారం మీటింగులో ఎవరైనా "ఇది నేను చేశాను" అంటే మా గైడు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టేవారు. "ఇది కుటుంబం. అందరం చేసినం అను" అనేవారు. తన అవార్డు దరఖాస్తుల్లో మాత్రం అంతా "నా కృషి" అని రాసుకునేవారు. కుటుంబ పెద్ద కదా, చెల్లుతుంది!

ఐదుగురి పేర్లతో మాదొక పరిశోధన పేపరు వచ్చింది. మొదటి పేరు నా సీనియర్‌ది, అన్నా అని పిలిచేదాన్ని. నాది మూడోది. మందుగా పనికొస్తుందనుకున్న ఒక పెద్ద అణువును తయారు చేయడం మా పని. మొదటి మెట్లన్నీ అన్నే చేశాడు, కాదనను. చివర్లో ఆ అణువులోని పొడుగాటి గొలుసు రెండు కొసలూ కలిసి రింగు కావాలి. కాలేదు. ఫ్లాస్కులో జిగురే మిగిలేది. ఒక గొలుసు కొస పోయి పక్క గొలుసు కొసను పట్టుకుంటోందని నాకు అనుమానం వచ్చింది. ద్రావకం బాగా పెంచి, సిరంజి పంపుతో పొద్దంతా చుక్కచుక్కగా వదిలాను. ఎంత పలచనలో, ఎంత మెల్లగా వదలాలో తేల్చేసరికి నా ఎండాకాలం మొత్తం పోయింది. చివరికి మూసుకుంది.

థీసిస్ ఇచ్చాక నాచారంలో ఒక మందుల కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. ఉన్నది ఒక్కటే పోస్టు. అన్నా నేనూ చిల్కానగర్ నుంచి ఒకే షేర్ ఆటోలో వెళ్ళాం. అప్పటికి మా నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతబడింది. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో అన్నకూ తెలుసు.

లోపల పెద్దాయన మా పేపరే తెరిచి పెట్టుకున్నారు. "ఈ రింగు మెట్టు బాగుంది. ఇందులో మీ పని ఏది?"

"అందరం కలిసి చేశాం సార్."

"అది తెలుసు. మీరేం చేశారు?"

"టీమ్ వర్క్ సార్."

ఆయన ఇంకోసారి కూడా అడిగారు. మళ్ళీ "అందరం" అనే అన్నాను. ఆయన మర్యాదగా నా ఫైలు మూశారు.

నా తర్వాత అన్న వెళ్ళాడు. ఉద్యోగం అతనికే వచ్చింది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర చాయ్ బండి పక్కన నిలదీశాను.

"రింగు మెట్టు నీదని జెప్పినవా అన్నా?"

"అడిగిన్రు, జెప్పిన. నువ్వు జెప్పకపోతివి. ఎవరో ఒకరు జెప్పాలె గద చెల్లె? ఫస్ట్ ఆథర్ నేనే గద!"

సొమ్మొకడిది, సోకొకడిది. ఒళ్ళు మండిపోయింది. అతని మీద ఎంత మండిందో, గైడు మీద అంతకంటే ఎక్కువ మండింది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు, మా పని ఆయన చెప్పడు, మమ్మల్నీ చెప్పుకోనివ్వడు.

ఆ రాత్రి ఆ కోపంతోనే రాశాను. బయోడేటాలో పేపరు కింద నాలుగు లైన్లు: ఆలోచన, పర్యవేక్షణ గైడువి. మొదటి మెట్లు మొదటి ఆథర్‌వి. నిర్మాణం నిర్ధారించింది రెండో ఆథర్, కణాల మీద పరీక్షించింది నాలుగో ఆథర్. రింగు మూసే పద్ధతి కనిపెట్టి, చేసింది నేను. తప్పుంటే చెప్పమని అందరికీ పంపాను. ఇద్దరు వెంటనే సరే అన్నారు. అన్న జవాబివ్వలేదు. గైడు పిలిపించారు.

"పేపర్‌ను కోసి వాటాలేసుకుంటవా?"

"వాటాలు గాదు సార్. ఎవరేం జేసిన్రో రాసిన. తప్పుంటే దిద్దుండ్రి."

కాగితం తిప్పితిప్పి చూశారు. ఒక్క మాట దిద్దలేదు.

ఉప్పల్‌లో ఇంకో కంపెనీలో అదే ప్రశ్న అడిగారు. మొదటి మెట్లు నావి కావన్నాను. రింగు గురించి మాత్రం చెడిపోయిన ప్రతి ఫ్లాస్కుతో సహా చెప్పాను. ఉద్యోగమిచ్చారు.

కొన్నాళ్ళకు అన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, ఈడ కొత్త అణువుతోని పని. పేపర్ల ఉన్నట్టే జేసిన, మస్తు జిగురొస్తుంది. సార్లు రోజూ అడుగుతున్నరు. గా పలచన, గా స్లో మనం ఎట్ల తేల్చినం?"

ఇప్పుడు గుర్తొచ్చింది కుటుంబం!

"చెప్త అన్నా. ముందుగాల నేను పంపిన నాలుగు లైన్లు కరెక్టా కాదా చెప్పు."

"కరెక్టే."

"గదే మాట మీ సార్లకు జెప్పు. వాళ్ళతోటి మాట్లాడించు. అంతా వివరంగ చెప్త."

"గట్ల జెప్తే నా నౌకరి ఏం గావాలె చెల్లె?"

నా నౌకరి ఏమైందని అతను ఒక్కనాడూ అడగలేదు.