వరద నీళ్లలో తాళం

చనిపోయిన రోజు పొద్దున కూడా మా నాయన ఆదిశేషు కదలని కారును తడిగుడ్డతో తుడిచాడు. అమ్మను కొనకనమిట్ల నుంచి మార్కాపురానికి డయాలసిస్‌కు తీసుకెళ్లడానికే దాన్ని కొన్నాడు. బీమా పాలసీలో, వరద నీళ్లు పోయి పాడైతే పనికొచ్చేలా ఇంజిన్‌కు విడిగా రక్షణ తీసుకోమని ఏజెంటు అంటే నవ్వాడు.

"తాగను నీళ్లు లేని ఊరికి వరద యాడ్నుంచి వస్తాది అల్లుడా?"

తుఫాను రోజు వాగు చప్టా మీద నీళ్లలో కారు ఆగిపోయింది. వెనక సీట్లో అమ్మ ఆయాసపడుతుంటే మళ్లీ మళ్లీ తాళం తిప్పాడు. నీళ్లు లోపలికి పోయి ఇంజిన్ పాడైంది.

"ఆగినాక స్టార్ట్ చేసినారా పెద్దాయనా?" అని బీమా కంపెనీ సర్వేయరు అడిగితే ఉన్నదే చెప్పాడు.

"అట్లయితే ఇది వరద చేసిన నష్టం కింద రాదు."

అప్పటినుంచి అమ్మ ఆటోలోనే తిరిగింది.

నాయన పోయాక మెకానిక్ చెప్పాడు: తాళం ముట్టకుండా తోయించి ఉంటే, ఇంజిన్‌లో నీళ్లు తీసి శుభ్రం చేసే ఖర్చు మామూలు పాలసీలోనే వచ్చేదట.