మచ్చ ఉన్న చెంప

మారేడ్‌పల్లిలోని ఒక పసిపిల్లల బడిలో రాజ్యం ఆయాగా పనిచేస్తుంది. బడి విడిచే వేళ గేటు వద్ద నిలిచి, ఏ బిడ్డను ఎవరి చేతికి అప్పగించాలో చూచుకొనే భారం ఆమెది. తల్లి జుట్టు కత్తిరించుకొని వచ్చినా, తండ్రి హెల్మెట్ తీయకుండా నిలుచున్నా ఆమె పొరబడదు. నిత్యం చూచే ముఖాన్ని మనసు ఎన్ని మార్పుల నడుమనైనా పట్టుకొంటుంది. ఆ నేర్పు తనకు అన్ని ముఖాల యెడలా ఉన్నదని ఆమె నమ్మింది. ఎరిగిన ముఖం వేరు, ఎరుగని ముఖం వేరు అన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమె కూతురు కల్పలత ఐదేండ్ల వయసులో తప్పిపోయింది. మహంకాళి బోనాల జాతరలో, తలమీది బోనం ఒరగగా రాజ్యం రెండు చేతులూ పైకెత్తింది. దించి చూచేసరికి కొంగు పట్టుకొన్న చిన్నచేయి లేదు. ఆనాటి నుండి బన్సీలాల్‌పేట్‌లోని వారి యింట, అత్త కమలాబాయి ప్రతి పూటా కోడలి కంచం పక్కన ఒక చిన్న కంచం పెడుతుంది. అందులో అన్నం వడ్డించదు. మొదట్లో రాజ్యం భర్త అది తీసివేయబోయాడు. అమ్మవారికి బోనం దక్కింది, మనకు ఖాళీ కంచం దక్కింది, ఉండనీ అని కమలాబాయి అన్నది. ఆ తరువాత అతడు దానిని ముట్టలేదు.

పిల్లకు మిగిలింది ఒక్కటే ఫోటో. జాతరనాటి ఉదయం పొరుగింటి పిల్లవాడు తన ఫోన్ ముందు కెమెరాతో, చేయి చాచి, తల్లీకూతుళ్లను తనతోపాటు తీశాడు. స్టూడియోవారు అందులో నుండి పిల్ల ముఖాన్ని మాత్రం కత్తిరించి పెద్దది చేశారు. పోలీసులకు ఇచ్చినదీ, గోడకు వ్రేలాడినదీ అదే. ఎడమ చెంపమీద నువ్వుగింజంత పుట్టుమచ్చ. పడుకొనే ముందు రాజ్యం ఆ పటం గాజుమీద, ఆ మచ్చమీద ముద్దు పెట్టుకొంటుంది.

తొమ్మిదేండ్ల తరువాత కాప్రాలోని ఒక బాలికల ఆశ్రమం నుండి ఫోన్ వచ్చింది. అక్కడ ప్రిసిల్లా అనే పధ్నాలుగేండ్ల పిల్ల ఉన్నది. ఇంచుమించు ఐదేండ్ల వయసులో, పేరు చెప్పలేని స్థితిలో రైలు ప్లాట్‌ఫారం మీద దొరికితే ఆశ్రమంవారే ఆ పేరు పెట్టారు. తప్పిపోయిన పిల్లల ఫోటోలతో ఆమె ఫోటోను పోల్చిన సాఫ్ట్‌వేర్, కల్పలత ముఖాన్ని జాబితాలో మొదట నిలిపి నూటికి ఎనభైఏడు అన్న అంకె చూపింది. పరిశీలన ముగియకముందే వార్డెన్ డోరా ఆ పిల్ల ఫోటోను రాజ్యానికి పంపింది. డోరాకు దయ ఎక్కువ, ఓపిక తక్కువ. ఎడమ చెంపమీద మచ్చ కనబడగానే రాజ్యం కూలబడి ఏడ్చింది. మరునాడు వీడియో కాల్‌లో ఆ పిల్ల అమ్మా అన్నది. కమలాబాయి ఆ పూట చిన్న కంచంలో అన్నం వడ్డించి వాడవారందరికీ చూపింది.

ముఖాల పోలికను తేల్చవలసినవాడు జిల్లా బాలల రక్షణ కార్యాలయంలోని నతానియేల్. అతడు కథ వినడానికి ఇష్టపడడు. కథ విన్న కన్ను తాను కోరినదే చూస్తుందని అతని భయం. ముత్యపుచిప్పలో వెండిని చూచే భ్రమకు మూలం చిప్ప కాదు, వెండి కావాలన్న కోరిక అని మన పెద్దలు చెప్పినదీ ఇదే. అందుకే రెండు ఫోటోలనూ మొదట వేరువేరుగా చూచి, కనబడినది వ్రాసుకొన్న తరువాతనే పక్కపక్కన పెడతాడు. జుట్టునూ, ఒంటి రంగునూ, బుగ్గల నిండుదనాన్నీ లెక్కలోనికి తీసుకోడు. అవి మారుతాయి. చెవి ఆకారం, మచ్చలు, గాయపు గుర్తులు చూస్తాడు. వాటినైనా వెలుతురు, కోణం, కెమెరా దగ్గరితనం ఎంత మార్చి చూపగలవో తూచుకొంటాడు. తన అభిప్రాయం తెలియని మరొకరిచేత విడిగా చూపిస్తాడు.

కత్తిరించని ఫోటో ఉంటే తెమ్మని అతడు కబురు పెట్టగా, రాజ్యం ట్రంకుపెట్టె అడుగునుండి దానిని తీసి అత్తతో కలిసి వెళ్లింది.

అంత అంకె వచ్చినాక ఇంకా ఏందీ సతాయించుడని కమలాబాయి కూర్చోకముందే మొదలుపెట్టింది. ఆ అంకె రెండు బొమ్మల పోలికే కాని, ఆ పిల్ల మీది కావడానికి ఉన్న అవకాశం కాదని నతానియేల్ చెప్పాడు. లక్షల ముఖాలలో వెదికితే ఎవరికైనా ఒక పోలిక దొరుకుతుంది. అందులోనూ ఐదేండ్ల ముఖానికీ పధ్నాలుగేండ్ల ముఖానికీ నడుమ ఎముకే పెరిగిపోతుంది, అక్కడ యంత్రమూ తప్పుతుంది, మనిషీ తప్పుతాడు. పాత ఫోటోలో చెవితమ్మె విడిగా వ్రేలాడుతున్నట్లున్నదనీ, ప్రిసిల్లాకు అది చెంపకు అతుక్కొని ఉన్నదనీ చూపాడు. అయితే పాత బొమ్మ మసకగా ఉన్నందున ఆ ఒక్కదానిమీద తీర్పు చెప్పలేనన్నాడు.

"మచ్చ కనవడ్తలేదా సార్ నీకు?" అన్నది రాజ్యం.

అతడు పూర్తి ఫోటోను ఆమె ముందు పెట్టాడు. "మీరు కొంగు ఏ భుజం మీద వేసుకుంటారమ్మా?"

ఆమె తన ఎడమ భుజాన్ని తడుముకొన్నది. ఫోటోలో ఆమె కొంగు కుడి భుజంమీద ఉన్నది. వెనుక దుకాణం బోర్డులోని అక్షరాలు అద్దంలో వలె తిరగబడి ఉన్నాయి. కొన్ని ఫోన్ల ముందు కెమెరా బొమ్మను అద్దంలో కనబడినట్లే దాచిపెడుతుందనీ, అందుచేత ఎడమగా కనబడే మచ్చ నిజానికి కుడి చెంపదనీ అతడు మెల్లగా చెప్పాడు. తరువాత అడిగాడు: "ఫోటో సంగతి వదిలేయండి. పాపకు స్నానం చేయించేటప్పుడు ఆ మచ్చ ఎటువైపు ఉండేదో గుర్తుందా?"

రాజ్యం కన్నులు మూసుకొన్నది. తడిసిన జుట్టు గుర్తుకు వచ్చింది, సబ్బు మంటకు బిడ్డ ముక్కు చిట్లించడం గుర్తుకు వచ్చింది. చెంప మాత్రం గోడమీది చెంపగానే వచ్చింది. ముద్దు పెట్టిన గాజు, ముద్దు పెట్టిన బిడ్డను తుడిచివేసింది.

"యాది లేదు సార్."

కమలాబాయి కోడలివైపు తిరిగింది. "కన్నతల్లివి. ఏ చెంపకున్నదో సుత తెల్వదు. గందుకే పోయింది నీ చేతుల కెల్లి."

"మీకు గుర్తుందా అమ్మా?" అని నతానియేల్ ఆమెను అడిగాడు. ఆమె పాన్‌డబ్బా తెరిచి వక్క వెదుక్కొన్నది.

ఫోటోలతో ఔననలేము, కాదనీ ఖాయంగా అనలేము, తేడాలే ఎక్కువ అని అతడు నివేదిక వ్రాశాడు. రెండవ పరిశీలకురాలూ విడిగా అదే వ్రాసింది. నెత్తురు తీసి డీఎన్‌ఏ పరీక్ష జరిపించారు. కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. ప్రిసిల్లా రాజ్యం కన్నబిడ్డ కాదు.

ఆ సాయంకాలమే ఇంట్లో చిన్న కంచం మరల ఖాళీ అయింది. ఆ పిల్లనే తెచ్చుకొని పెంచుకొనే దారి ఏదైనా ఉన్నదేమోనని రాజ్యం భర్త గొణిగాడు. ఎవరి నెత్తురో తెలియని దానికి నా మనుమరాలి కంచమా అని కమలాబాయి అన్నది. రాజ్యం ఇద్దరి మాటా వినలేదు. ఆమె తనలో తాను వెదకి చూచుకొన్నది. మచ్చ కనబడగానే పొంగిన ప్రేమ, ఇప్పుడు పిలిచినా రావడం లేదు.

పిల్లతో తానే చెబుతానని ఆమె కాప్రాకు వెళ్లింది. ప్రిసిల్లా తలకు నూనె రాసుకొని, రెండు జడలు వేసుకొని, సర్దిన సంచీతో వరండాలో కూర్చొని ఉన్నది. డోరా ఆమెకు ఏమీ చెప్పలేదు, చెప్పలేక లోపలనే ఉండిపోయింది. రాజ్యం కూర్చోకుండానే సంగతి చెప్పింది. నతానియేల్ చూపిన కొంగు, తిరగబడ్డ అక్షరాలు, నెత్తురు పరీక్ష అన్నీ చెప్పింది. పిల్ల ఏడవకుండా విన్నది. విన్నంతసేపూ ఎడమ చెంపను అరచేతితో కప్పుకొనే ఉన్నది.

"కుడి దిక్కుంటే తీస్కపోతుంటివా?" అని చివరకు అడిగింది.

మచ్చతో పనిలేదని అబద్ధమాడడానికి రాజ్యానికి ఒక మాట చాలును. అది ఆమె నోట రాలేదు.

"తీస్కపోతుంటి," అన్నది.

ప్రిసిల్లా సంచీ తీసుకొని లేచింది. నాలుగడుగులు వేసి వెనుకకు తిరిగి, ఏ కోపమూ లేని గొంతుతో, "ఇంక ఫోన్ చేయకు ఆంటీ," అని లోపలికి పోయింది.