మూడో తారీఖా, ఎనిమిదో తారీఖా

మా ఆయనకు కంటి ఆపరేషనైన వారం, పటమటలోని మా కిరాణా కొట్టు నా నెత్తిన పడింది. పాత బాకీ తీరిస్తే గానీ సరుకు దించనని హోల్‌సేల్ ఆయన చెప్పేశాడు. చేసేదేముంది? అరువు పుస్తకం ముందేసుకుని, ఒక్కో మనిషి పేజీ కూడడం మొదలుపెట్టాను.

మా ఆయన రాత గురించి చెప్పాలంటే సిగ్గుచేటు. ఒకటి ఏడులా, మూడు ఎనిమిదిలా ఉంటాయి. అనుమానమున్న అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి, మొత్తంలో కలపకుండా పక్కన రాసుకున్నాను. మనిషిని అడిగాకే కలపాలని అనుకున్నాను.

హాస్టల్లో వంట చేసే ఆవిడ పేజీ దగ్గర మాత్రం తొందరపడ్డాను. ముందు పేజీ బాకీ 4,360 ఐదో తారీఖున ఈ పేజీకి ఎక్కింది. ఆ తర్వాత తీసుకున్న సరుకులు 1,240. పైన మార్జిన్‌లో ఇరికించి ‘జమ 2,000’ అని ఉంది, తారీఖు మూడో ఎనిమిదో తెలియదు. పైనే ఉందిగా, మూడే అయ్యుంటుందనుకున్నాను. మూడైతే ముందు పేజీలోనే తీసేసి ఉంటారు. ఎర్ర పెన్నుతో గీయకుండానే 5,600 అని తేల్చేశాను.

ఆవిడ కొట్టుకొచ్చినప్పుడు ఆ మొత్తం చెబితే, కాదు 3,600 అంది. ఎనిమిదో తారీఖున చేతికిచ్చానంది. ఫోన్ చేస్తే మా ఆయన గుర్తులేదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కొట్లో నలుగురు నిలబడి ఉండగానే నోరు జారాను.

“కట్టకుండా కట్టానంటే ఎట్టాగండీ?”

ఆవిడ మొహం పాలిపోయింది. వెళ్ళిపోయి, మర్నాడు పొద్దున్నే 5,600 తెచ్చి బల్ల మీద పెట్టింది. పేజీ కొట్టేయమంది. కొట్టేశాను.

ఆవిడ అటు వెళ్ళగానే మనసు పీకడం మొదలెట్టింది. ముందు పేజీ తిప్పి మొదటి నుంచీ కూడి చూశాను. సరుకులన్నీ కలిపితే సరిగ్గా 4,360. అందులోంచి ఒక్క రూపాయి కూడా తీయలేదు. మూడున కట్టి ఉంటే ఐదున ఎక్కాల్సింది 2,360. అంటే ఆవిడ కట్టింది ఎనిమిదినే. రెండు నిమిషాల పని, నిన్న చేయలేకపోయాను.

షట్టర్ సగం దించి హాస్టల్‌కి పరుగెత్తాను. ఆవిడ వంటింట్లో బియ్యం కడుగుతోంది. రెండువేలు చేతిలో పెట్టి, తప్పు నాదేనండీ, క్షమించండి అన్నాను.

ఆవిడ తడి చేతులు తుడుచుకుని నోట్లు లెక్కపెట్టుకుంది.

“ఇవి మా చెల్లెలి దగ్గర చేబదులు తెచ్చానండీ. మీ కొట్లో ఏం జరిగిందో దానికి చెప్పుకోవాల్సొచ్చింది.”

నోట్లు కొంగున ముడేసుకుని, మళ్ళీ బియ్యం కడగడంలో పడింది.