సైదమ్మ బూత్‌కు చెప్పలేకపోయిన కారణం

మా సీతారాములు గారికి ఒక పద్ధతి ఉండేది. ఏ పాల బూత్‌కైనా ప్యాకెట్లు తగ్గించాల్సి వస్తే ఫోన్‌లో చెప్పేవారు కాదు. స్కూటర్ వేసుకుని స్వయంగా వెళ్లి, బూత్ ముందు నిలబడి, కారణం ఒక్క మాటలో చెప్పి వచ్చేవారు. ఆ పద్ధతి నాకు మొదట్లో వట్టి చాదస్తంలా కనిపించింది. ఆరొందల బూత్‌ల డెయిరీలో ఇదెక్కడి పని అని నవ్వుకునేదాన్ని.

ఎల్‌బీ నగర్‌లో ఉండే ఆ డెయిరీలో నేను 2012 జనవరిలో చేరాను. ఆయనది నల్లగొండ దగ్గర పల్లె, ఉస్మానియాలో స్టాటిస్టిక్స్ చదివి, ముప్పై ఏళ్లుగా ఏ బూత్‌కు ఎన్ని ప్యాకెట్లు పంపాలో లెక్క కడుతున్న మనిషి. మాది గోదావరి జిల్లా, దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డాం. బయట తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడుస్తోంది. ఆఫీసులో రెండు ప్రాంతాల వాళ్లూ పక్కపక్కన కూర్చుని, ఆ ఊసు రాకుండా జాగ్రత్తగా టీ తాగేవాళ్లం. ఆయన మాత్రం ఉద్యమంలో ఉన్నానని దాచుకోలేదు, నాతో మాట్లాడడమూ తగ్గించలేదు. బంద్ రోజు సాయంత్రం ఫోన్ చేసి, "ఇంటికి మంచిగ చేరినవా బిడ్డా?" అని అడిగేవారు.

ఆయన లెక్క ఒక సమీకరణం. పోయిన వారాల అమ్మకం, వారంలో ఏ రోజు, సెలవా కాదా, ఎండలెంత, ఒక్కోదానికి ఒక్కో గుణకం. ఆదివారం అయితే ఇరవై ప్యాకెట్లు ఎక్కువ, కాలేజీ సెలవులైతే అరవై తక్కువ అని వేలు పెట్టి చూపించేవారు. నాకు అది పాతకాలపు వస్తువు. నేను రాండమ్ ఫారెస్ట్ అనే కంప్యూటర్ పద్ధతి తెచ్చాను. పాత రికార్డుల్లోంచి ఏవో కొన్ని తీసి ఒక చెట్టు, ఇంకొన్ని తీసి ఇంకో చెట్టు, అలా సెలవా కాదా, ఎండ ఎక్కువా తక్కువా అని ప్రశ్న ప్రశ్నకూ కొమ్మ చీలి చివరికి ఒక అంకె చెప్పే నిర్ణయ వృక్షాలు ఐదొందలు వేసి, అన్నీ చెప్పిన అంకెల సగటు తీసుకోవడమే దాని పని. గ్రేడియంట్ బూస్టింగ్ కూడా చేశాను. అందులో చెట్లు వరసగా పుడతాయి, ముందున్నవి వదిలేసిన తప్పును తర్వాతది కొంచెం దిద్దుతుంది.

"ఇది మంచిగున్నది. ఒకరి తప్పు ఇంకొకరు సర్దుకుంటరు," అన్నారాయన, బూస్టింగ్ గురించి విని.

మోడల్ చూడని నెలల మీద పరీక్షిస్తే ఆయన సమీకరణం సగటున పన్నెండు శాతం తప్పింది. నా ఫారెస్ట్ తొమ్మిది, బూస్టింగ్ ఎనిమిదిన్నర. బంద్ ముందురోజు హాస్టళ్ల సందుల్లో అమ్మకం పెరిగి, కాలనీల్లో అంతగా పెరగకపోవడం లాంటివి చెట్లు వాటంతట అవే పట్టాయి. ఆయన సమీకరణం బంద్‌కు అన్ని సందులకూ ఒకే గుణకం వేసి ఊరుకుంది. ఆయన ఒప్పుకున్నారు. "నాది ఓడింది బిడ్డా. నీదే వాడుదాం," అన్నారు. గెలిచిన నాకు ఆ పూట కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆగస్టు చివర నా ఫారెస్ట్ సెప్టెంబరు మధ్య నుంచి నాలుగు వారాల కేటాయింపు చెప్పింది. సరూర్‌నగర్ బస్‌స్టాప్ దగ్గరి సైదమ్మ బూత్‌కు రోజుకు రెండొందల నలభై ప్యాకెట్లు. అంతవరకూ ఆమె నాలుగొందలు అమ్మేది. బూస్టింగ్ రెండొందల ముప్పై అయిదు అంది. రెండూ ఒకే మాట చెబుతున్నాయి కదా అని నా ధైర్యం ఇంకా పెరిగింది. రెండొందల యాభై రాని బూత్‌ను పక్క బూత్‌లో కలిపేయాలని డెయిరీ నిబంధన. అంటే సైదమ్మ పదహారేళ్లుగా నడుపుతున్న బూత్ పోతుంది.

"నడువు, చెప్పొద్దాం," అన్నారు సీతారాములు గారు. "నీ లెక్క. కారణం నువ్వే చెప్పాలె."

సైదమ్మ ఖాళీ ట్రేలు కడుగుతోంది. విషయం విని చేతిలో ట్రే కింద పెట్టింది. "ఎందుకు తగ్గిచ్చిర్రు అమ్మా? నేనేం తప్పు జేసిన?"

నేను కాగితం తీశాను. అందులో ఏ అంశం ఎంత ముఖ్యమో చూపే గీతలున్నాయి. అన్నిటికంటే పొడవైనది 'నిరుడు ఇదే వారం అమ్మకం'. అది ముఖ్యమని ఆ గీత చెబుతుంది. ఈ బూత్ అంకెను అది పెంచిందో తగ్గించిందో చెప్పదు. ఐదొందల చెట్లలో ఎన్ని కొమ్మలు దాటి రెండొందల నలభై వచ్చిందో నాకూ తెలియదు.

"నాకు తెలీదండీ," అన్నాను. అంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వేయలేదు.

సైదమ్మ కోప్పడలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. సీతారాములు గారు ఆమె వైపు తిరిగారు. "నిరుడు ఈ దినాలల్ల ఎంత అమ్మినవ్?"

"నిరుడా? బస్సులు యాడున్నయ్ సారూ? సమ్మె గద. స్టాపుల మనిషే లేకుండె. నా పాలు ఎవరు కొంటరు?"

 సకల జనుల సమ్మె! బస్సులు కొన్ని వారాలు ఆగిపోయాయి. కానీ మా డెయిరీ రిజిస్టర్లో ఆ రోజులన్నీ మామూలు రోజులే. పాలబండిని ఉద్యమకారులు ఎక్కడా ఆపలేదు, దారి ఇచ్చి పంపారు. బండ్లు తిరిగాయి కాబట్టి రిజిస్టర్లో బంద్ గుర్తు పడలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికీ ఒక్క పొద్దు కూడా పాలు ఆగలేదు. ఇంట్లో కూర్చుని పాలు కాచుకున్న నాకు, బస్‌స్టాప్‌లో పాలు మిగిలిపోయిన మనిషి గుర్తుకు రాలేదు. రెండు మోడళ్లూ ఒకే రిజిస్టర్ తిన్నాయి, అందుకే ఒకే తప్పు చెప్పాయి.

ఆఫీసుకు రాగానే సీతారాములు గారు తన చేతిరాత పుస్తకం తెరిచారు. సమ్మె రోజుల్లో సరూర్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్‌కు నడిచివచ్చేటప్పుడు ఖాళీ స్టాపులన్నీ చూసి రాసుకున్నారు. సమీకరణంలో బస్‌స్టాప్ బూత్‌లకు విడిగా ఒక వరుస ఉంది: 'సమ్మె రోజు, నూట డెబ్బై తక్కువ'. ఈసారి సమ్మె లేదు కాబట్టి అక్కడ సున్నా పెట్టారు. సైదమ్మకు నాలుగొందల అయిదు వచ్చింది.

"ఇంత ఉండి నాకు ముందే ఎందుకు చెప్పలేదండీ?" అని ఆయన మీదే విరుచుకుపడ్డాను.

"రిజిస్టర్ల ఉంటదనుకున్న బిడ్డా. నాదీ తప్పే." ఆయన పుస్తకం నా వైపు జరిపారు. "నీ చెట్లు కొట్టెయ్యకు. వాటికి తెలవంది జర తెలుపు."

ఆ మధ్యాహ్నం ఒక పని చేశాను. సైదమ్మ బూత్‌కు 'నిరుడు' అంకె తీసేసి అంతకుముందు ఏటి అంకె పెట్టి, మిగతావన్నీ అలాగే ఉంచి నడిపాను. రెండొందల నలభై కాస్తా నాలుగొందల పదికి ఎక్కింది. కారణం అప్పుడు కళ్లకు కట్టింది. అలాంటి బూత్‌లు మొత్తం పదకొండు దొరికాయి. సమ్మె రోజులు గుర్తించి, డేటా సరిచేసి, మోడళ్లు మళ్లీ కట్టాను. మొత్తం మీద చెట్లే అప్పటికీ తక్కువ తప్పాయి, అది నిజం. కానీ ఏ కోతైనా సరే, ఆయన సమీకరణంతో పోల్చి, తేడా ఎందుకో ఒక్క మాటలో చెప్పగలిగితేనే అమలు చేయాలని మేనేజర్‌ను ఒప్పించాను. ఆ కాగితం మీద సంతకం నేనే పెట్టాను.

కొత్త కేటాయింపు చెప్పడానికి మళ్లీ వెళ్లాం. సీతారాములు గారు స్కూటర్ దిగలేదు, నన్ను పొమ్మన్నారు.

"మళ్ల నాలుగొందలా? గప్పుడు తగ్గిచ్చి గిప్పుడు ఎందుకు పెంచిర్రు?" అంది సైదమ్మ.

"నిరుడు మీ స్టాప్‌లో బస్సులు లేని సంగతి నేను నా లెక్కకు చెప్పలేదమ్మా."

 ఆమె స్టూల్ తుడిచి నా ముందు వేసింది. "కూసో బిడ్డా. గీ ఒక్క ముచ్చట మొన్ననే తెలిస్తే ఇన్ని దినాలు నిద్రవట్టేది."

మరుసటి జనవరిలో సీతారాములు గారు రిటైరయ్యారు. వెళ్తూ వెళ్తూ ఆ చేతిరాత పుస్తకం నా టేబుల్ మీద పెట్టి, "ఇగ స్కూటర్ ఎవరిది?" అని అడిగారు.

నాది స్కూటీ. ఇప్పటికీ ఫోన్‌లో చెప్పను.