టైగర్ ఎడమకాలు

కృపారాణి మా వీధి మొత్తానికీ ఆయమ్మ. బాప్టిస్టు మిషన్ ఆసుపత్రి వార్డులో ముప్పై ఒక్క ఏళ్లు ఆయాగా పనిచేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. అరసవల్లి రోడ్డులో నా ఫ్లెక్సీ షాపు వెనక సందులో రెండు గదులు తీసుకుని ఉంటుంది. ఎవరికి జ్వరం వచ్చినా మందుల కవరు పట్టుకుని ముందు ఆవిడ దగ్గరికే పోతాం. ఏ బిళ్ల తిన్నాక వేసుకోవాలో, ఏది తినకముందో చెప్తుంది. చెప్పి ఊరుకోదు, మర్నాడు ఇంటికొచ్చి అడుగుతుంది. వేసుకోలేదంటే తిడుతుంది. ఆ తిట్లు తిన్నవాళ్లలో నేనే ముందుంటాను.

ఆవిడకి ఇంట్లో నా అనేది ఒక్క కుక్క. పేరు టైగర్. పేరుకే టైగర్, కుక్కర్ విజిల్ వేస్తే మంచం కిందకి దూరేది. గోధుమరంగు ఊరకుక్క. అలాంటివి మా రోడ్డు మీద ఇరవై తిరుగుతుంటాయి. పైగా దీనికి మూర్ఛ. పశువుల డాక్టరు రాసిచ్చిన బిళ్ల పొద్దున్న ఏడింటికి ఒకటి, సాయంత్రం ఏడింటికి ఒకటి అన్నంముద్దలో పెట్టి, నాలుగేళ్లు ఒక్క పూట తప్పకుండా వేసింది. మొన్న ఫిబ్రవరిలో ఒక పెళ్లి ఊరేగింపు టపాసులకి బెదిరి, గేటు దూకి పారిపోయింది.

మర్నాడు నేను షట్టరు ఎత్తేసరికే ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉంది. బిళ్ల హఠాత్తుగా ఆగిపోతే ఫిట్స్ ఒకదాని మీద ఒకటి వస్తాయని చెప్పింది. రోడ్డు మీద కాళ్లు కొట్టుకుంటూ నురగ కక్కే కుక్కని చూస్తే జనం ఏమనుకుంటారో నాకు వేరే చెప్పక్కర్లేదు.

"పిచ్చికుక్క అనుకుని కొట్టి సంపేస్తారు బాబూ. ఇది ఫలానా ఆయమ్మ కుక్క అని ఒక్కడైనా గుర్తుపట్టాల. అలాటి పోస్టరు కావాల," అంది.

ఫోనులో ఆరు ఫొటోలున్నాయి. ఆవిడకి నచ్చింది క్రిస్మస్ ఫొటో. ఎర్ర టోపీ, జరీ అంచు గౌను, పక్కన స్టార్. చర్చిలో అందరూ మెచ్చుకున్నారట. నాకు ఒళ్లు మండింది. టోపీ కింద చెవులు కనపడవు, గౌను కింద ఒళ్లు కనపడదు. అది గౌనుతో పారిపోయిందా అని అడిగేశాను. అలా అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

రెండోది పిల్లప్పటిది. ఇప్పుడు దాని మూతి నెరిసింది, ఎవరు పోల్చుకుంటారు? మూడోది ఫ్లాష్ పడి కళ్లు పచ్చగా దెయ్యంలా ఉంది. నాలుగోదాంట్లో చుట్టుకుని పడుకుంది, తోక ఏదో కాలు ఏదో తెలియదు. అయిదోది ఆవిడ అక్క మనవరాలు షాలిని తీసింది. ఏదో ఫిల్టరు పెట్టడంతో గోధుమరంగు కాస్తా గులాబీరంగు అయ్యింది.

ఆరోది స్నానం చేయించాక పెరట్లో పొద్దుటి ఎండలో తీసింది. కుక్క అడ్డంగా నిలబడి, తల కాస్త మనవైపు తిప్పింది. ఎడమ ముందరి కాలు మేజోడు తొడిగినట్టు మోకాలిదాకా తెలుపు, మిగతా మూడు కాళ్లూ గోధుమరంగు. ఎడమ చెవి కొస చిరిగి ఉంది. తోక చివర నల్లకుచ్చు. పెద్దది చేసి చూసినా గీత చెదరలేదు. కుక్క మొత్తం తల నుంచి తోకదాకా ఉంది, ఈమధ్యే తీసింది. ఇరవై గోధుమరంగు కుక్కల్లో దీన్ని ఏరాలంటే ఆ ఫొటో ఒక్కటే పనికొస్తుంది.

ఆవిడ ఒప్పుకోలేదు. తడిసి, బక్కచిక్కి, దిక్కులేనిదానిలా ఉందని బాధ. వెనక తీగ మీద ఆవిడ లంగాలు ఆరేసి ఉన్నాయని ఇంకో బాధ. లంగాలు చెరిపేస్తానన్నాను. రోడ్డు మీద అది ఇలాగే ఉంటుంది గాని గౌనులో ఉండదని, గుర్తుపట్టేవాడికి అందం కాదు, గుర్తులు కావాలని గట్టిగా చెప్పాను. చివరికి సరేనంది. గెలిచానని లోపల్లోపల సంతోషపడ్డాను కూడా.

మా పనిలో ఒక అలవాటుంది. ఫ్లెక్సీలో మనిషి ఎప్పుడూ అక్షరాలవైపు చూడాలి. బయటికి చూస్తే, పేరు రాసినవాళ్లని కాదని ముఖం తిప్పుకున్నట్టుంటుందని పార్టీలవాళ్లు గొడవచేస్తారు. అందుకని ముఖం అటుంటే మౌసుతో ఒక్క నొక్కు నొక్కి బొమ్మ మొత్తాన్ని అద్దంలోలా ఇటు తిప్పేస్తాం. మనుషులకైతే పాపిడి అటుది ఇటు అవుతుంది, ఎవరూ పట్టించుకోరు. టైగర్ కాగితం అంచువైపు చూస్తోంది. ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే నొక్కేసింది.

తెల్ల ముందరి కాలు ఎడమదని రాయమంది ఆవిడ. అక్షరాలు ఎక్కువైతే ఎవరూ చదవరని, కాలు ఫొటోలోనే అంత స్పష్టంగా ఉంటే మళ్లీ రాతెందుకని కొట్టేశాను. పైన 'తప్పిపోయింది', కింద 'ఫిట్స్ ఉన్నాయి, పిచ్చి కాదు, కొట్టకండి', ఫోను నంబరు. అంతే. ప్రింటు చేతికిచ్చాక ఆవిడ చాలాసేపు చూసింది.

"ఏదో తేడాగా ఉన్నాది బాబూ. మా టైగర్‌లా ఉన్నాది, కానట్టూ ఉన్నాది," అంది.

రంగు కొంచెం పెంచానని, అందుకే అలా ఉందని చెప్పాను. నిజంగానే అలా అనుకున్నాను. అరవై పోస్టర్లు ఇద్దరం కలిసి అంటించాం. నాగావళి గట్టుదాకా ఒక్క కరెంటు స్తంభం వదల్లేదు.

రెండు రోజులు ఫోన్లు వచ్చాయి, అన్నీ వేరే కుక్కలే. ప్రతి ఫోనుకీ ఆవిడ బిళ్లల డబ్బా పట్టుకుని ఆటో ఎక్కేది. ఏడు కాగానే గేటు దగ్గర నిలబడి పేరుపెట్టి పిలిచేది.

నాలుగో రోజు మధ్యాహ్నం రమేష్‌బాబు అనే ఆయన మా షాపుకి వచ్చాడు. గట్టు దగ్గర కాలనీలో కిరాణా కొట్టుందట. చేతిలో మా పోస్టరు. కింద చిన్నగా షాపు పేరుంటే చూసి వచ్చానన్నాడు. అప్పుడు కృపారాణి లోపల బల్ల మీదే కూర్చుని ఉంది. ఆ కుక్క ఆవిడదని ఆయనకి తెలియదు.

ముందురోజు ఆయన కొట్టు ముందే ఒక కుక్క పడిపోయి కొట్టుకుందట. కాసేపటికి ఆగి, లేవలేక పడి ఉందట. కుర్రాళ్లు కర్రలు తెచ్చారు. ఆయనే అడ్డుపడి వాళ్లని ఆపి, స్తంభం మీద పోస్టరుతో పోల్చి చూశాడు.

"నేను బాగానే సూసినానండి. పోస్టర్లో కుడికాలు తెలుపు, దీనికి ఎడమకాలు. చెవీ అంతే. బొమ్మ అంత క్లియర్‌గా ఉంటే ఇంకేటి అనుమానం. ఇది ఆ కుక్క కాదని నేనే సెప్పినాను," అన్నాడు.

ఆ మాటతో కుర్రాళ్లు దాన్ని కొట్టి చంపేశారు, ఇక ఆయన చెయ్యగలిగింది లేకపోయింది. పోల్చేటప్పుడు ఫోనులో తీసిన ఫొటోని రాత్రి మళ్లీ చూస్తే, కాలు తప్ప మిగతాదంతా ఒకేలా కనిపించిందట. నిద్ర పట్టక వచ్చానన్నాడు. ఆ ఫొటో చూపించాడు. టైగర్ నేల మీద పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఎడమ ముందరి కాలు మోకాలిదాకా తెలుపు.

కృపారాణి లేచి వచ్చి ఆ ఫొటో చూసింది. తన ఫోనులో ఆరో ఫొటో తీసి పక్కన పెట్టింది. తర్వాత పోస్టరు చూసింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. తప్పు నాదే, నేనే తిప్పేశానని చెప్పాను. ఆవిడ తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండుననుకున్నాను.

"బాబూ, ఈ బొమ్మ తిప్పకుండా ఉంటే కొట్టనిత్తువా?" అని రమేష్‌బాబుని అడిగింది.

ఆయన నావైపు చూశాడు. అబద్ధం చెప్పమని కళ్లతోనే బతిమాలుకున్నాను.

"లేదమ్మా. వెంటనే మీకు ఫోన్ సేసీవోణ్ణి," అన్నాడు.