ఆ దుమ్ము ఎక్కడిదని అడిగారు

క్యాంపస్ ఇంటర్వ్యూలో నా వంతు వచ్చింది. అప్పటికే రెండు కంపెనీలు నన్ను వద్దన్నాయి. ఆ ఏడాది మా కాలేజీకి వచ్చే ఆఖరి కంపెనీ ఇదేనని సార్లు ముందే చెప్పి భయపెట్టారు.

లోపల ఒక సార్, ఒక మేడమ్. ప్రాజెక్టు గురించి చెప్పమన్నారు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని దుమ్ము గోదావరిఖనిలో మా కాలనీ దాకా ఎంత వస్తోందో కొలిచే యంత్రం చేశానని గడగడా అప్పజెప్పాను. చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది. లేజర్ వెలుగు ధూళికణాల మీద పడి చెదురుతుంది. ఎంత చెదిరిందో చూసి సెన్సర్ దుమ్మును లెక్కగడుతుంది.

నెట్‌కు ఎందుకు కలపలేదని సార్ అడిగారు. మా క్వార్టర్లో సిగ్నల్ వచ్చిపోతుంటుంది, రీడింగులు పోకూడదని మెమరీ కార్డులో దాచానన్నాను. చలికాలం మంచు పడితే ఎలా అన్నారు మేడమ్. నీటి తుంపరలనూ అది దుమ్మనే అనుకుంటుంది, అందుకే తేమ కూడా కొలిచి, మరీ ఎక్కువున్నప్పటి రీడింగులు తీసేశానన్నాను. ప్రామాణిక యంత్రం పక్కన పెట్టి సరిచూశావా అంటే, అలాంటిది మాకు దొరకలేదని ఒప్పుకున్నాను. ఇద్దరూ తల ఊపారు. కాస్త ధైర్యం వచ్చింది, అదే నా కొంప ముంచింది.

గ్రాఫు చూపించి, రోజూ పొద్దున దుమ్ము ఒక్కసారిగా లేస్తుంది, ఫస్ట్ షిఫ్టు డంపర్ లారీలు కదిలే వేళ అది, అన్నాను. మేడమ్ గ్రాఫును దగ్గరికి జరుపుకున్నారు.

"షిఫ్టు మొదలవకముందే లేస్తోంది కదమ్మా. ఆ టైమ్‌లో మీ ఇళ్ళల్లో ఏం చేస్తుంటారు?"

డ్యూటీకి వెళ్ళేవాళ్ళ స్నానానికి మా క్వార్టర్ల లైన్లో ఇంటింటి ముందూ బొగ్గు పొయ్యి మీద నీళ్ళు కాగుతుంటాయి. పుట్టినప్పటి నుంచి ఆ పొగలోనే నిద్ర లేస్తున్నదాన్ని, అదొక పొగ అని నాకెప్పుడూ తోచలేదు. సెన్సర్ బిగించింది కూడా మా వాకిట్లోనే. గాలివాటం అనో, రాత్రి షిఫ్టు బండ్లనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనిపించింది.

"నీళ్ళు కాగవెడ్తరు మేడమ్, బొగ్గుల పొయ్యి మీద. ఇది గని దుమ్మో, మా పొయ్యిల పొగనో నా సెన్సర్ చెప్పలేదు. నేను ఆలోచన చెయ్యలె."

మరి ఎలా తేలుస్తావన్నారు సార్. రెండు సెన్సర్లు తీసుకుని, ముందు ఒకేచోట పెట్టి ఒకేలా చూపిస్తున్నాయో లేదో చూడాలి, తర్వాత ఒకటి లైన్లో, ఒకటి ఇళ్ళకు దూరంగా గని వైపు పెట్టి, గాలి ఎటు వీస్తోందో కూడా రాసుకుని పోల్చాలన్నాను. ఇక వెళ్ళమన్నారు. బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం నా పేరు పిలిచారు. ఉద్యోగం వచ్చింది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ సంతోషం పట్టలేకపోయింది.

"ఏమడిగిన్రు బిడ్డా?"

"మన నీళ్ళ పొయ్యి గురించి అడిగిన్రమ్మా."

అమ్మ పకపకా నవ్వింది. నవ్వు మధ్యలో ఎప్పటి దగ్గే అందుకుంది. అది ఆగేదాకా ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను. ఆ దగ్గుకు ఇన్నేళ్ళూ మేము గనినే తిట్టాం.