ఒక చప్పట, రెండు మైకులు

మదనపల్లె చరిత్రను ఎవరైనా సమగ్రంగా రాయదలిస్తే, టమోటా మార్కెట్టుకు ఎన్ని పేజీలు ఇచ్చుకున్నా అభ్యంతరం లేదు కానీ, హఫీజ్ చప్పటకు ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. రాజులు కోటలు కట్టారు, పాలెగాళ్లు చెరువులు తవ్వించారు, హఫీజ్ చప్పట కొట్టాడు. ఏ గదిలో అడుగుపెట్టినా సరిగ్గా మధ్యలో నిలబడి, గడ్డం కాస్త పైకెత్తి, ఒక్కటంటే ఒక్కటి కొట్టేవాడు. కల్యాణమండపంలో కొట్టాడు. బ్యాంకులో కొట్టాడు, తుపాకీ పట్టుకున్న కాపలావాడు లేచి నిలబడ్డాడు. పరామర్శకు వెళ్లిన ఇంట్లోనూ అలవాటుకొద్దీ కొట్టాడు. పోయినాయన బామ్మర్ది అది తురకల్లో ఆచారమేమో అనుకుని, మర్యాద కోసం తానూ ఒకటి కొట్టాడు.

దీని వెనక శాస్త్రం ఉంది. ఖాళీ గోడలు, నున్నటి బండలు, రేకుల కప్పు ఉన్న గది చప్పటను తిరిగి మన మొహాన కొడుతుంది. బొంతలు, మంచాలు, బట్టల మూటలు ఉన్న గది దాన్ని మింగేస్తుంది. చప్పటకు ఏం జరుగుతుందో మనిషి మాటకూ అదే జరుగుతుంది. షార్ట్ ఫిలిములకు, డాక్యుమెంటరీలకు మాటలు రికార్డు చేసే సౌండు మనిషికి అందుకే ఈ పరీక్ష. మొదట్లో పుంగనూరులో మైకుసెట్టు అద్దెకిచ్చిన హఫీజ్, పెళ్లిళ్లకు డీజేలు వచ్చాక మదనపల్లెకు మారి ఈ పనిలోకి దిగాడు. మోగించడం మాని వినడం మొదలుపెట్టానని చెప్పుకునేవాడు.

చప్పట పడగానే తీర్పు వచ్చేది కాదు. హఫీజ్ రెండు క్షణాలు కళ్లు మూసుకుని, ఎడమ పక్కన నిలబడ్డ భార్య ఖాతూన్ వైపు ఒకసారి చూసి, అప్పుడు గంభీరంగా "నాలుగు బొంతలు తేండి" అనేవాడు. పనిలో ఉన్నంతసేపూ ఖాతూన్ ఆయన ఎడమ పక్కనే ఉండేది. జనం దీన్ని అన్యోన్యత కింద జమకట్టారు.

ఖాతూన్ రవికలు కుట్టే మనిషి. సౌండు పనిలో ఆమెకు వచ్చిన కొలువు ఆడవాళ్లకు కాలర్ మైకు పెట్టడం. చిక్కుడుగింజంత మైకు అది. బట్టల లోపల, గుండెకు పైన, నోటికి జానెడు దూరంలో కూర్చోవాలి. ఆ స్థలంలో పరాయి ఆడమనిషికి మైకు పెట్టడం హఫీజ్ వల్ల కాదు, పెట్టించుకోవడం వాళ్ల వల్లా కాదు. ఖాతూన్ చీరంచు వేళ్ల మధ్య నలిపి "ఇది నైలాను, కరకరలాడతాది. నూలు కట్టుకోమ్మా" అని చెప్పేది. తాళిగొలుసు మైకుకు తగలకుండా మధ్యలో దూదిగుడ్డ మడత పెట్టేది. వైరును చిన్న మెలిక తిప్పి టేపుతో అంటించేది, లాగినప్పుడు చప్పుడు రాకుండా. గాజులు మాత్రం తీయమనేది కాదు, చేతిరుమాలు చుట్టేది.

హఫీజ్ చేతిలో ఉండేది గన్ మైకు. మూరెడు గొట్టం, పొడుగాటి కర్ర చివర. ఎటు గురిపెడితే అటువైపు మాటను పట్టుకుని పక్కల గోలను తగ్గిస్తుంది. ఆరుబయట, కెమెరా ఫ్రేముకు అంగుళం పైన దాన్ని ఆడిస్తే మాట సహజంగా వస్తుంది. నలుగురి మధ్యలో నిలబడి విన్నట్టు ఉంటుంది. నాలుగు గోడల మధ్య మాత్రం దాని ఆటలు సాగవు. మాట నేరుగానూ వస్తుంది, గోడలకు కొట్టుకునీ వస్తుంది. గొట్టం ఆ రెంటినీ విడదీయలేక బావిలో మాట్లాడినట్టు చేస్తుంది. అక్కడ నోటికి దగ్గరున్న కాలర్ మైకే దిక్కు. అంటే బయట మొగుడిది పైచేయి, ఇంట్లో పెళ్లానిది. లోకమంతా ఇంతే కదా అని ఖాతూన్ నవ్వేది.

కిందటేడు మదనపల్లెలో ఒక కళాసంఘం హఫీజ్‌కు శాలువా కప్పింది. మైకు ముందు మాట్లాడే అలవాటు లేని మనిషి, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు: "ఈ రెండు చేతులు, ఈ రెండు చెవులు. నాకు ఇంకెవరూ లేరు."

అంతా చప్పట్లు కొట్టారు. చివరి వరసలో ఖాతూన్ కూర్చుని ఉంది. ఆమె కూడా కొట్టింది.

ఆ తరువాతి షూటింగుకు సంచి సర్దుకుంటూ హఫీజ్ పిలిస్తే, ఆమె మిషను మీద నుంచి తల ఎత్తలేదు. "పదకొండు రవికలు ఉండాయి. రెండు చెవులు ఉండాయి గదా, తీసుకుని పోండి" అంది. వాళ్లింట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. ఈ ఒక్క మాటా ఆమె తెలుగులో, పక్కింటి వాళ్లకూ వినపడేట్టు చెప్పింది.

ఆ షూటింగు కుప్పం దగ్గర ఒక గుట్ట మీద. అశ్విని అనే కుర్ర డైరెక్టరు పుంగనూరు సావిత్రమ్మ మీద డాక్యుమెంటరీ తీస్తోంది. సావిత్రమ్మ ఒకప్పుడు ఆ గుట్ట కింద టమోటా తోటల్లో కూలి చేసింది, ఇప్పుడు ఒక ఆఫీసులో అటెండరు. కూతురు ఇందు వి.కోటలో క్లర్కు. ఐదో తరగతిలో ఇందును బడి మాన్పించి రెండేళ్లు తోటల్లో తిప్పింది సావిత్రమ్మ. తరువాత మళ్లీ బళ్లో వేసింది కానీ, ఆ రెండేళ్ల గురించి తల్లీకూతుళ్లు ఎన్నడూ మాట్లాడుకోలేదు.

"దాని మొకం జూసి సెప్పలేనమ్మా. ఈడ సెప్తా. నువ్వు దానికి ఇనిపించు. ఒగసారే సెప్తా, మల్లా అడగొద్దు" అంది సావిత్రమ్మ.

కాలర్ మైకు అశ్వినే పెట్టింది, కెమెరా సర్దుకునే తొందరలో, నైలాను చీర లోపల. దూదిగుడ్డ సంగతి హఫీజ్ చెప్పబోయి, గొలుసు అన్న మాట నోట్లోనే ఆగిపోయి, అటు తిరిగి నిలబడ్డాడు. గన్ మైకుకు స్పాంజి తొడిగి, దాని మీద బొచ్చు తొడుగు వేశాడు.

"ఇదేందప్పా, కర్రకు కుక్కపిల్లను కట్టినావు?" అంది సావిత్రమ్మ.

"గాలి నేరుగా మైకును కొడితే గుబగుబమంటాది తల్లీ. ఈ బొచ్చులో సిక్కుకుని మెత్తబడతాది."

అది నిజమే, మామూలు గాలికి. గుట్ట మీద సాయంత్రపు గాలికి బొచ్చు చాలదు. మైకు చుట్టూ పెద్ద గుమ్మడికాయంత జాలీ గూడు ఉండాలి, ఆ గూటి మీద బొచ్చు ఉండాలి. లేదా మనిషిని బండ చాటుకు జరపాలి. గూడు మదనపల్లెలో అటక మీద ఉంది. ఏది తీసుకెళ్లాలో గుర్తుచేసేది ఖాతూన్. బండ పదడుగుల దూరంలోనే ఉంది. కానీ గూడు కావాలనీ, బండ చాటు కావాలనీ తెలియాలంటే ముందు ఆ గాలి వినపడాలి.

రికార్డరు కొత్తది, బెంగుళూరు నుంచి అద్దెకు తెచ్చింది. హెడ్‌ఫోనులో ఎడమ వైపు గన్ మైకు, కుడి వైపు కాలర్ మైకు వచ్చేట్టు అమర్చి ఉంది. కుడి వైపు గొలుసు గరగరలాడుతోంది. హఫీజ్ దాన్ని విని, పోనీలే, గన్ మైకు ఉంది కదా అనుకున్నాడు.

"సౌండ్ ఓకేనా భాయ్?" అని అశ్విని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్నకు ఆయన దగ్గర నిజమైన జవాబు ఉంది. హెడ్‌ఫోను ఎడమ కుడి మార్చి తిప్పి పెట్టుకుని అర నిమిషం వింటే సరిపోయేది. ఎప్పుడూ ఎవరూ చూడనప్పుడు అలాగే చేసేవాడు. ఈసారి అశ్విని చూస్తోంది, సావిత్రమ్మ చూస్తోంది, కంటికి ఎదురుగా సూర్యుడు దిగుతున్నాడు. శాలువా కప్పించుకున్న మనిషి హెడ్‌ఫోను తిప్పి పెట్టుకుంటే ఏమనుకుంటారు? బొటనవేలు పైకెత్తి చూపాడు.

సావిత్రమ్మ ఆరు నిమిషాలు మాట్లాడింది. ఆఖర్న కూతురి పేరు పిలిచి ఏదో అంది. అశ్విని కళ్లు తుడుచుకుంది. గుట్ట దిగేటప్పుడు సావిత్రమ్మ అందరికన్నా ముందు, తేలిగ్గా నడిచింది.

ఇంటికి వచ్చాక హఫీజ్ హెడ్‌ఫోను ఖాతూన్ చేతికిచ్చి వినమన్నాడు. ఆమె మిషను ఆపి వింది. మళ్లీ వింది.

"గన్ మైకులో లారీ పోతాంది" అంది.

"గుట్ట మీద లారీ యాడిది?"

"గాలి. ఆయమ్మ 'ఇందూ' అనింది. అంతే, పైన లారీ ఎక్కేసింది. రెండోదాంట్లో గొలుసు. దూది పెట్టలేదా?" ఆమె హెడ్‌ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంది. "గన్ మైకు ఏ పక్క వచ్చింది మీకు?"

"ఎడమ."

ఖాతూన్ హెడ్‌ఫోను పక్కన పెట్టి మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది.

గాలి గుబగుబ కింది స్వరంలో ఉంటుంది కాబట్టి ఆ భాగాన్ని కోసేస్తే మాట తేలుతుందేమోనని అశ్విని కంప్యూటర్లో ప్రయత్నించింది. కొద్దిపాటి గాలికైతే తేలేదే. ఇక్కడ మైకే గాలి దెబ్బకు ఉక్కిరిబిక్కిరై మాటను పట్టుకోలేదు; లేనిదాన్ని ఎంత కోసినా బయటికి రాదు.

వారం తరువాత మళ్లీ రికార్డు చేయడానికి పుంగనూరులో సావిత్రమ్మ ఇంటికి వెళ్లారు. ఈసారి ఖాతూన్ వచ్చింది. హఫీజ్ గది మధ్యలో నిలబడి చప్పట కొట్టి, ఎడమకు తిరిగి ఆమె మొహం చూశాడు. "ఉత్తర గోడకు రెండు బొంతలు, కింద జంపఖానా" అని ఆమె చిన్నగా చెప్పింది. ఆయన బిగ్గరగా చెప్పాడు. ఫ్యాను ఆపారు. ఫ్రిజ్జు ఆపి, మళ్లీ వేయడం మరిచిపోకుండా కారు తాళం అందులోనే పెట్టారు. నూలు చీర, దూదిగుడ్డ, వైరు మెలిక. హఫీజ్ బతుకులో అంత శుభ్రమైన సౌండు ఎన్నడూ రాలేదు. సావిత్రమ్మ గుటక మింగడం కూడా వినపడింది.

వినపడనిది ఒక్కటే. ఆమె అప్పజెప్పినట్టు చెప్పింది. అదే కథ, అవే మాటలు, బడిపిల్ల పద్యం చదివినట్టు. ఆఖరి మాట అసలు అనలేదు.

"అది కూడా చెప్పండమ్మా" అని అశ్విని బతిమాలింది.

"ఆ పొద్దే సెప్పేసినాను గదమ్మా. గుండెలో ఉండేది ఒగ బిందె. ఒలికినాక మల్లా యాడ తెచ్చేది?" అని సావిత్రమ్మ మైకు తీయించుకోవడానికి ఖాతూన్ వైపు తిరిగింది.

అశ్విని చివరికి గుట్ట మీద తీసిందే సినిమాలో ఉంచింది. గాలి హోరుమంటుంటే కింద అక్షరాలు పడతాయి: తప్పు నాదే, నాయినా. మదనపల్లెలో ప్రదర్శనకు ఇందు వచ్చింది. అయిపోయాక హఫీజ్ దగ్గరకు వచ్చి, "మా అమ్మ నిజంగా ఆ మాట అనిందా సార్? మీరు ఇన్నారా?" అని అడిగింది.

"అశ్వినమ్మ ఇనింది తల్లీ" అన్నాడు హఫీజ్. "నేను ఇనలేదు."

ఆమె వెళ్లిపోయింది. టైటిళ్లలో సౌండు దగ్గర రెండు పేర్లు పడ్డాయి, ఖాతూన్‌ది ముందు. హఫీజే అలా వేయించాడు. ఖాతూన్ చూడలేదు, పెళ్లి రవికలు ఇవ్వాల్సిన రోజది. ఇంటికెళ్లి ఆమెకు ఒక మాట చెప్పాలని ఆయన దారంతా కూడబలుక్కున్నాడు. వెళ్లేసరికి మిషను ఆడుతోంది. ఆయన ఆమెకు కుడి పక్కన కూర్చుని చెప్పాడు. ఆమె ఏదో జవాబిచ్చింది. అది ఆయన ఎడమ వైపు పడింది. మళ్లీ అడగలేదు.

పదిహేడేళ్ల కిందట పుంగనూరులో ఒక పెళ్లి ఊరేగింపులో హఫీజ్ రాత్రంతా లౌడ్‌స్పీకరు పక్కన కూర్చున్నాడు. అప్పటి నుంచి ఆయనకు ఎడమ చెవి వినపడదు.